ముడుల తాడుతో కొలిచిన పందిరి

మా మావయ్యకి కళ్ళు కనబడడం లేదన్న సంగతి ఆ వీధిలో అందరికంటే ముందు నాకే తెలిసింది. ఆయన ఎవరికీ చెప్పలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. అలా ఇద్దరం కలిసి ఒక ఏడాదిపాటు విజయనగరం బజారువీధిని మోసం చేశాం. అందుకు నాకిప్పటికీ పిసరంత సిగ్గు లేదు.

అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. పుట్టిల్లు శ్రీకాకుళం. ఎనిమిదో తరగతి దాకా చదువుకున్నాను. మా నాన్న ఆ మాట పెళ్ళిచూపుల్లో చెబితే అవతలివాళ్ళు మొహాలు చూసుకున్నారట. మావయ్య ఒక్కరే, "లెక్కలొచ్చా?" అని అడిగారు. వచ్చునన్నాను. "అయితే సాలు," అన్నారు. నేను కాపురానికి వచ్చేనాటికి అత్తగారు లేరు. మా ఆయన బట్టల మూటల కోసం ఊళ్ళు తిరిగేవారు. బట్టల కొట్టు వీధి వైపు, ఇల్లు వెనక వైపు. కొట్లో మావయ్య, ఇంట్లో నేను.

ఓ రోజు తలుపు చాటు నుంచి చూస్తున్నాను. మావయ్య గజంబద్ద పెట్టి గుడ్డ కొలుస్తున్నారు. బద్ద వైపు చూడడం లేదు. బొటనవేలి గోరుతో బద్ద చివరి గాటు తడుముకుంటూ జరుపుతున్నారు. వచ్చినావిడ నీలం అంచు అడిగితే, "నీకు నచ్చింది నువ్వే తీసుకో తల్లీ, నీ కొట్టే అనుకో," అన్నారు. ఆవిడ ఆ మర్యాదకి మురిసిపోయింది. నాకు మాత్రం తెలిసిపోయింది, ఆయనకి నీలం ఏదో కనబడడం లేదు.

ఇక్కడ ఆ వీధి సంగతి కొంచెం చెప్పాలి. ఉగాది నుంచి శ్రీరామనవమి దాకా తొమ్మిది రోజులు వీధికి అడ్డంగా పందిరి వేసేవారు. సాయంత్రాలు భజనలు, ఆఖరి రోజు పగలు సీతారాముల కళ్యాణం. ఆ పందిరికి ఎంత గుడ్డ కావాలో, ఎన్ని వెదుళ్ళు కావాలో, ఎన్ని దీపాలు కావాలో చెప్పేది మావయ్యే. పాతికేళ్ళుగా అదే తంతు. మాఘమాసంలో వీధి పెద్ద మా ఇంటికి వచ్చి తాంబూలం ఇచ్చేవారు. కొలత చెప్పేవాడికి ముందు తాంబూలం ఇవ్వాలని ఆచారం. అది పుచ్చుకున్నాక చెప్పిన మాట తప్పకూడదు. మావయ్యకి ఆ తాంబూలం కొట్టు కంటే ఎక్కువ. ఆయనలో గర్వం అంటూ ఉంటే అంతా ఆ రెండు తమలపాకుల్లోనే ఉండేది.

ఆ ఏడు రెండో ప్రపంచయుద్ధం ఆగిపోయింది గానీ గుడ్డ మాత్రం దొరకడం లేదు. మిల్లు బట్ట పర్మిట్ మీద, అదీ మనిషికింతని. పందిరికి ఏళ్ళ తరబడి వాడుతున్న పాత గుడ్డని అంతకు ముందు ఏడు నవమి అవగానే కోసి, కట్టుకోవడానికి లేనివాళ్ళకి పంచేశారు. పంచాలని పట్టుబట్టింది మావయ్యే. "రాముడు ఎండలో నిలబడతాడు గానీ, ఆడది గుడ్డలేక ఇంట్లో కూకుంటే సూడలేడు," అన్నారట.

ఆ మాఘంలో వీధి పెద్ద తాంబూలం పట్టుకుని వచ్చారు. ఆయనది కిరాణా కొట్టు. వరసకి మావయ్యకి బావ.

"బావా, పర్మిట్ మీద పందిరికి గుడ్డ ఇవ్వరట. పొందూరులో ముతక ఖద్దరు నేయిస్తన్నాను. నూలు కొరత. ఒక్కసారి నేసి ఇచ్చీసినాక ఇంకో గజం అడిగితే లేదు. ఎన్ని గజాలో నువ్వు గట్టిగా సెప్పాలి. ఈ ఏడు పందిరి పెద్దది చేద్దుమని అందరూ అంటన్నారు," అన్నారు.

మావయ్య తాంబూలం పుచ్చుకున్నారు. "నాలుగు రోజుల్లో సెప్తాను," అన్నారు. ఆయన వెళ్ళాక మావయ్య చాలాసేపు అరుగు మీదే కూర్చున్నారు. నేను మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టాను. చెంబు ఎడమవైపు పెడితే కుడివైపు తడుముకున్నారు.

ఇంక ఊరుకోలేకపోయాను. "మావయ్యా, నేను కొలుస్తాను," అన్నాను.

"ఏటి కొలుస్తావు?" అన్నారు కోపంగా.

"పందిరి."

ఆయన తడుముకుని చెంబు అందుకున్నారు. తర్వాత గొంతు తగ్గించి, "ఎప్పట్నించి తెలుసే నీకు?" అన్నారు. నీలం అంచు నాటి నుంచి అన్నాను. ఆయన నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

బజారువీధి కోడలు పట్టపగలు వీధిలో టేపు పట్టుకుని తిరిగితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అందుకని ఒక ఉపాయం చేశాం. మావయ్య కొబ్బరి తాడు తెప్పించి, గజంబద్ద పక్కన పెట్టుకుని గజానికొక ముడి చొప్పున ఇరవై ముడులు వేశారు. ప్రతి ముడినీ వేలితో మళ్ళీ మళ్ళీ తడిమి సరి చూసుకున్నారు. తెల్లవారుతూనే ఆయన వీధిలో తాడు ఒక కొస పట్టుకుని నిలబడ్డారు. నేను ముగ్గుబుట్ట పట్టుకుని ముడి ముడికీ ఒక చుక్క పెట్టుకుంటూ పోయాను. మా వాకిట్లోంచి మొదలైన ముగ్గు కిరాణా కొట్టు దాకా పోయింది. ఎదురింటావిడ వాకిలి ఊడుస్తూ, "ఒలమ్మో, ఇంత పొడుగు ముగ్గేటే?" అంది. మాఘమాసం ముగ్గన్నాను. అటువంటిది ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. మర్నాడు ఆవిడ కూడా పొడుగు ముగ్గు పెట్టింది.

నిడివి ఇరవై గజాలు, వెడల్పు పది. అంటే అరవై అడుగులు, ముప్పై అడుగులు.

ఆ మధ్యాహ్నం పలకా బలపం పట్టుకుని కూర్చున్నాను. ముందు వెదుళ్ళు. గుంజకీ గుంజకీ మధ్య పదడుగులు ఉండాలన్నారు మావయ్య. అరవైని పదిపెట్టి భాగిస్తే ఆరు, ముప్పైని పదిపెట్టి భాగిస్తే మూడు, ఆరుమూళ్ళు పద్ధెనిమిది గుంజలు అన్నాను గొప్పగా.

మావయ్య చెయ్యి చాపారు. "వేళ్ళెన్ని?"

"అయిదు."

"సందులెన్ని?"

"నాలుగు."

"మరి నువ్వు లెక్కపెట్టింది వేళ్ళా, సందులా?"

నాలుక కరుచుకున్నాను. పొడుగునా ఏడు గుంజలు, అడ్డంగా నాలుగు వరసలు, మొత్తం ఇరవై ఎనిమిది. ఎనిమిదో తరగతి చదువు మీద నాకున్న గీర ఆ ఒక్క దెబ్బతో సగం దిగిపోయింది. గుంజ నేల మీద పదడుగులు, గోతిలో రెండడుగులు. ఇరవై నాలుగడుగుల వెదురు నరికితే రెండు గుంజలు. అంటే పద్నాలుగు వెదుళ్ళు. పైన పొడుగునా నాలుగు వరసల కర్రలు. వెదురుకి వెదురు కట్టేచోట రెండడుగులు ఒకదాని మీద ఒకటి పడాలి గనక వరసకి మూడు, మొత్తం పన్నెండు. అడ్డంగా ఏడు వరసలకి రెండేసి చొప్పున పద్నాలుగు. వెరసి నలభై. గుడ్డ నిలవడానికి చీల్చే బద్దలకి ఇంకో అయిదు.

గుడ్డ లెక్క ఇంకా నాజూకు. పన్నా, అంటే గుడ్డ వెడల్పు, ఒక గజం. కానీ పక్కపక్కన కలిపి కుడితే ప్రతి కుట్టుకీ అంగుళంన్నర పోతుంది. మిగిలేది ముప్పై నాలుగున్నర అంగుళాలు. ఇరవై గజాల నిడివికి ఇరవై పట్టీలు చాలవు, ఇరవై ఒకటి కావాలి. ఒక్కో పట్టీ పది గజాలు, కిందికి వేలాడే జోలుకి అర గజం, రెండు కొసలా కట్టుకోవడానికి పావుగజం చొప్పున. పదకొండు గజాలు. ఇరవై ఒక్క పదకొండ్లు రెండువందల ముప్పై ఒకటి. చుట్టూ కుచ్చుల జాలరుకి నలభై అయిదు. వేదిక వెనక తెరకి పన్నెండు. మొత్తం రెండువందల ఎనభై ఎనిమిది గజాలు.

మావయ్య మూడుసార్లు చెప్పించుకున్నారు. తర్వాత వీధి పెద్దని పిలిచి, "రెండొందల ఎనభై ఎనిమిది. ఒక గజం మిగల్దు, ఒక గజం తగ్గదు," అన్నారు. ఆ మాట వీధంతా పాకింది.

దీపాల దగ్గర కొంచెం పేచీ వచ్చింది. కరెంటు తీగ మా ఇంటి మీటరు నుంచే లాగాలి. వీధి పెద్ద ప్రతి పదడుగుల గడికీ వంద వాట్ల బల్బు కావాలన్నారు. గళ్ళు పద్ధెనిమిది. వైరింగు పనివాడు తల గోక్కుని, "అయిదు ఆంపియర్ల ఫ్యూజండి, ఓరుస్తాదో ఓర్వదో," అన్నాడు. లోపల నేను పలక మీద వేశాను. పద్ధెనిమిది వందల వాట్లని మీటరు మీద రాసున్న రెండువందల ముప్పై వోల్టులతో భాగిస్తే ఎనిమిది ఆంపియర్లకి దగ్గర. ఫ్యూజు నిలవదు. పలక తలుపు సందులోంచి జరిపితే మావయ్యకి కనబడదు గదా, అందుకని మంచినీళ్ళ వంకతో వెళ్ళి చెవిలో చెప్పాను. ఆయన ఏమీ ఎరగనట్టు గొంతు సవరించుకుని, "పదిహేను గళ్ళకి అరవై వాట్లవి. వేదిక వైపు మూడు గళ్ళకీ కలిపి వందవి రెండు. పదకొండు వందలు. అయిదు ఆంపియర్ల లోపే. భజన జరిగినంతసేపు మా ఇంట్లో దీపం ఆరిపీస్తాం," అన్నారు. పనివాడు దండం పెట్టినంత పని చేశాడు. "బల్బుకీ గుడ్డకీ జానెడు ఎడం ఉండాలి సుమా," అని కూడా అన్నారు మావయ్య. అది నేను చెప్పింది కాదు. తొమ్మిది రోజులు మా ఇంట్లో చీకట్లో తడుముకోవాలన్నదీ నేను చెప్పింది కాదు. ఆయనకి అదేం కొత్త గనక.

ఫాల్గుణం చివర పొందూరు నుంచి గుడ్డ వచ్చింది. తెల్లగా, గంజితో బిరుసుగా, కొత్త వాసన వేస్తూ. కొలిస్తే సరిగ్గా రెండువందల ఎనభై ఎనిమిది. ఏడేసి పట్టీలు కలిపి మూడు దుప్పట్లుగా కుట్టించాం. మా వీధిలో పందిరి గుడ్డని పసుపులో ముంచకుండా కట్టరు. పెరట్లో గంగాళాలు పెట్టి ఆడవాళ్ళం అందరం కలిసి పసుపునీళ్ళలో ముంచి ఆరేశాం. చేతులు మోచేతుల దాకా పచ్చబడ్డాయి. రెండు రోజులు మా ఇళ్ళల్లో అన్నం కూడా పసుపు వాసన వేసింది.

ఉగాదికి రెండు రోజుల ముందు పొద్దున్న గుడ్డ కట్టడం మొదలుపెట్టారు. గుంజలు మా లెక్క ప్రకారం నిలబడే ఉన్నాయి. మనుషులు నిచ్చెనలెక్కి ఒక కొస పట్టుకున్నారు, అవతలివాళ్ళు రెండో కొస లాగారు. గుడ్డ వచ్చి గుంజని తాకి ఆగిపోయింది. కట్టడానికి జానెడు కూడా లేదు. జోలు అసలే లేదు. మూడు దుప్పట్లూ పక్కపక్కన పరిచి చూస్తే వీధి చివర ముప్పాతిక గజం ఆకాశం కనబడింది.

నేను తలుపు దగ్గర నిలబడ్డాను. లెక్క ఎక్కడ తప్పానో అర్థం కాలేదు. నా పలక మీది లెక్క కోసం పాతికేళ్ళ మాట పోతోంది, అదొక్కటే తెలుస్తోంది.

జనం మూగారు. వీధి పెద్ద మంచివాడే గానీ నోరు ఆగదు. "ఒక గజం తగ్గదన్నావు గదా బావా! ఇదేటి మరి? కొలత తప్పీసినావు," అన్నారు. ఇనప టేపు తెప్పించి మావయ్య చేతిలో పెట్టారు. "నువ్వే సూసి సెప్పు, ఎంతుందో."

మావయ్య టేపు పట్టుకున్నారు. బొటనవేలు దాని మీద అటూ ఇటూ జరిగింది. నున్నటి టేపు. ముడులు లేవు. ఆయన దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నారు, దూరం పెట్టారు. వీధి వీధంతా చూస్తోంది. అప్పుడే ఎవరికో అర్థమైనట్టుంది, గుసగుస మొదలైంది.

నేను ఆ వీధిలో మగవాళ్ళ ముందు అంతవరకు నోరెత్తి ఎరగను. గడప ఎలా దాటానో తెలియదు. "కొలిచింది నేను. లెక్క వేసింది నేను. తప్పు నాది. మావయ్యని ఏమీ అనకండి," అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, నిచ్చెన మీదివాడు కూడా తిరిగి చూశాడు.

"నువ్వు ఊరుకోవే," అన్నారు మావయ్య. టేపు వీధి పెద్ద చేతిలో తిరిగి పెట్టేశారు. "బావా, నాకు కళ్ళు కనబడవు. ఏడాదయింది. సెప్పుకోడానికి సిగ్గేసింది. మా కోడలు నా కళ్ళు. కానీ దాని లెక్క మీద ఎవడేనా మాటంటే ఊరుకోను. ఏదీ, ఆ గుడ్డ ఇలా తే."

గుడ్డ కొస ఆయన చేతికిచ్చారు. వేళ్ళ మధ్య నలిపారు. పన్నాని మూరతో కొలిచారు. ఆయన మొహం మీద ఒక్కసారి నవ్వు వచ్చింది, వెంటనే పోయింది.

"నా బుద్ధి గడ్డి తింది," అన్నారు. "లెక్క తప్పలేదురా, గుడ్డ తగ్గింది. ఉతకని కోరా ఖద్దరు తడిస్తే గజానికి మూడంగుళాలు లాగీస్తాది. పన్నాలో అంగుళంన్నర. నలభై ఏళ్ళ బట్టి కొన్న ప్రతివాడికీ సెప్తన్నాను, తడిపి కుట్టించుకోండి అని. పాత గుడ్డ ఎప్పుడో తగ్గిపోయి ఉన్నాది, ఏటా ముంచినా తగ్గీది కాదు. కొత్తది ముంచి పాతికేళ్ళయింది. మర్సిపోనాను. ఇది కుర్రది, దానికెవుడు సెప్పాడు? తప్పు నాది."

వీధి పెద్ద తల దించుకున్నారు. గుడ్డల బజారులో ఆ మాట గుర్తురాని మనిషి మావయ్య ఒక్కరే కాదు మరి. పసుపులో ముంచిన పదిహేనుమంది ఆడవాళ్ళం, కుట్టించిన వాళ్ళు, అందరమూ బట్టల మధ్య పుట్టి పెరిగినవాళ్ళమే.

"ఇప్పుడేటి చేద్దుం బావా?" అన్నారు ఆయన మెత్తగా.

మావయ్య కళ్ళు మూసుకున్నారు. మూసుకోవలసిన పని లేదు, పాత అలవాటు. వేళ్ళ కణుపులు లెక్కపెట్టారు. "జాలరు గుడ్డ ఇంకా కుట్టలేదు గదా. నలభై అయిదు ఇప్పుడు నలభై ఒకటి ఉంటాది. అందులో పదకొండు తీసి ఇంకో పట్టీ వెయ్యండి, ముప్పాతిక గజం కప్పీస్తాది. ఉన్న పట్టీల రెండు కొసలకీ పావుగజం సొప్పున అతకండి. జోలు సగం తగ్గించుకోండి. మిగిలింది పందొమ్మిది గజాలు. నిలువునా చీరి వేదిక వైపూ వీధి మొహానికీ కుచ్చు పెట్టండి. పొడుగు వైపులు రెండింటికీ ఏటీ లేదు. అవి బోసిగా ఉంటాయి."

నేను పలక తెచ్చి సరి చూడలేదు. చూడవలసిన పని లేదు.

ఎదురింటావిడ లోపలికి వెళ్ళి వచ్చింది. చేతిలో ఎర్ర పట్టుకోక, పెళ్ళినాటిది. "పొడుగు వైపు బోసిగా ఎందుకు? ఇది కట్టండి. కొయ్యకండి గానీ," అంది. ఒంటి మీదికి రెండో కోక లేక జనం అవస్థపడుతున్న రోజులవి. లెక్క ప్రకారం ఎనిమిది గజాల కోకలు అయిదు చాలు. సాయంత్రానికి పదమూడు వచ్చాయి. తనది వెనక వైపు కట్టారని ఒకావిడ అలిగింది కూడా. ఆకుపచ్చ, వంగపండు రంగు, నెమలికంఠం, అన్నీ మడతపెట్టి కుచ్చులుగా కట్టేశారు. అంత అందమైన పందిరి మా వీధి ఎన్నడూ ఎరగదు. నవమి నాడు మావయ్య దాని కింద కూర్చుని, "ఇప్పుడు గాలికి ఊగుతున్నది ఏ రంగే?" అని అడుగుతుంటే నేను ఒక్కో కోకా, అది ఎవరిదో చెప్పుకుంటూ పోయాను. ఆ మనిషంటే నాకెంత ఇష్టమో ఆ రోజే తెలిసింది.

ఆ పై మాఘంలో వీధి పెద్ద రాలేదు. మొదటివారం వెళ్ళింది, రెండోవారం వెళ్ళింది. మావయ్య రోజూ శుభ్రమైన పంచె కట్టుకుని అరుగు మీద కూర్చునేవారు. గుడ్డివాడికి తాంబూలం ఎవరిస్తారని నేను కూడా అనుకున్నాను. వీధి మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

మూడోవారం ఓ ఉదయం ఆయన వచ్చారు. పళ్ళెంలో తమలపాకులు, వక్క, అరటిపళ్ళు. వెనక నలుగురు పెద్దలు. మావయ్య ముందు పళ్ళెం పట్టుకుని, "పుచ్చుకో బావా. ఈ ఏడు కూడా నువ్వే," అన్నారు.

మావయ్య లేచి నిలబడ్డారు. రెండు చేతులా పుచ్చుకుని కళ్ళకద్దుకున్నారు. తర్వాత నెమ్మదిగా తలుపు వైపు తిరిగారు. నేను తలుపు వెనక ఉన్నానని ఆయనకి తెలుసు, నా గాజుల చప్పుడు ఆయనకి తెలియకపోవడం ఎప్పుడూ లేదు. చెయ్యి చాపి నా చేతులు వెతికి పట్టుకుని, ఆకులూ వక్కా పళ్ళూ అన్నీ అందులో పెట్టేశారు.

పెద్దలు తెల్లబోయారు. "అదేటి బావా!" అన్నారు వీధి పెద్ద.

"ఏటో, కళ్ళు కనబడవు గదా," అన్నారు మావయ్య, మళ్ళీ అరుగు మీద కూర్చుంటూ. "ఎవరి సేతిలో ఎట్టీసేనో నాకేటి తెలుసు? ఎట్టీసినాక తాంబూలం ఎనక్కి తీసుకోకూడదు."